పూజగదిలో మైకు పెట్టకండి

కార్తీక పురాణమో, వ్రతకథో, స్థలపురాణమో చదివి రికార్డు చేయాలనుకున్నవాళ్లు మామూలుగా ఫోను పట్టుకుని వెళ్లి కూర్చునేది పూజగదిలో. దీపం వెలుగుతూ ఉంటుంది, మనసు నిలుస్తుంది, తలుపు వేసుకుంటే ఎవరూ పిలవరు. భక్తికి అంతకన్నా మంచి చోటు లేదు. రికార్డింగుకు మాత్రం, స్నానాలగదిని పక్కన పెడితే, ఇంట్లో అంత చెడ్డ చోటు ఇంకొకటి ఉండదు.

ఎందుకంటే ఈ కాలపు పూజగది చాలా చిన్నది, లోపలంతా గట్టి సరుకు. కింద గ్రానైటు, గోడలకు నున్నటి టైల్సు, పైన సిమెంటు స్లాబు, ఎదురుగా అద్దాలు బిగించిన పటాలు. నోట్లోంచి వచ్చిన శబ్దాన్ని వీటిలో ఏ ఒక్కటీ పీల్చుకోదు, అన్నీ తిప్పికొడతాయి. పైగా ఎదురెదురు గోడల మధ్య దూరం తక్కువైనప్పుడు కొన్ని స్థాయిల శబ్దం ఆ గోడల మధ్యే నిలబడి మోగుతుంది. 5 అడుగుల వెడల్పున్న గదిలో ఆ మోత 113 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ దానికి రెట్టింపు 226 దగ్గర వస్తుంది. మొదటిది మగగొంతు పలికే చోటు, రెండోది ఆడగొంతు పలికే చోటు. అందుకే పూజగదిలో చదివిన కథ డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

చాలామంది ఆ మోతనే కోరి తెచ్చుకుంటారు, గుడిలో చదివినట్టు ఉంటుందని. కానీ గుడి మండపం పెద్దది. అక్కడ ప్రతిధ్వని ఆలస్యంగా బయలుదేరి, నెమ్మదిగా సాగి, మెల్లగా ఆరిపోతుంది. పూజగదిలో అది మాటతోపాటే పుట్టి మాటను బురదచేస్తుంది. గుడి మోత కావాలనుకుంటే పొడిగా రికార్డు చేసుకుని, తర్వాత కంప్యూటర్లో రీవెర్బ్ కలుపుకోవచ్చు. ఒకసారి రికార్డులో చేరిన గది మోతను శుభ్రంగా తీసేయడం మాత్రం మామూలు సాఫ్ట్‌వేర్ల వల్ల అయ్యే పని కాదు.

మా పిన్ని విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాటులో ఉంటుంది. బడిలో తెలుగు చెప్పి రిటైరైంది, గొంతు ఇంకా కంచులా ఉంటుంది. కార్తీక పురాణం రోజుకో అధ్యాయం చొప్పున 30 అధ్యాయాలు చదివి చుట్టాలకూ, యూట్యూబులో వినేవాళ్లకూ పెట్టాలని ఆమె కోరిక. చేతిలో మూడు వేల రూపాయలు పెట్టుకుని అడిగింది: "ఏ మైకు కొనమంటావురా?"

"ముందు చోటు చూద్దాం పిన్నీ, మైకు సంగతి తర్వాత" అన్నాను.

చోటు వెతకడానికి పరికరాలేమీ అక్కర్లేదు, రెండు చేతులు చాలు. ప్రతి గదిలోనూ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి, ఆ తర్వాత ఏం వినిపిస్తుందో వినాలి. పిన్నివాళ్ల హాల్లో చప్పట్లు కొడితే వెనకాల సన్నగా 'ట్రర్ర్' అని తీగలాగిన చప్పుడు వచ్చింది. నున్నటి టైల్సు, ఖాళీ గోడలు, రోడ్డువైపు పెద్ద గాజు తలుపు ఉన్న గది అలాగే పలుకుతుంది. పిల్లల గదిలో ఇనప బీరువా ఉంది. చప్పట్లకు దాని రేకు కూడా గొంతు కలిపింది. పెద్ద పడగ్గదిలో మాత్రం చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. మంచం మీద పాతకాలపు దూది పరుపు, గోడలో కట్టిన చెక్క అల్మారా, దాన్నిండా చీరలు.

మంచానికీ అల్మారాకూ మధ్య ఒక కుర్చీ పట్టే సందు ఉంది. అదే మా స్టూడియో. అల్మారా తలుపులు రెండూ బార్లా తెరిచి, పిన్ని చీరలవైపు ముఖం పెట్టి కూర్చుంది. నోట్లోంచి వెళ్లే శబ్దంలో సగానికి పైగా ఆ మడతల్లోనే ఇంకిపోతుంది. అందరూ మరిచిపోయేది వీపు వెనక గోడని. ముందువైపు శబ్దాన్ని మాత్రమే బాగా పట్టే మైకు అయితే, దాని చూపు మనిషి ముఖం మీదా, ఆ మనిషి వెనకున్న గోడ మీదా ఉంటుంది. మైకు వెనక ఎంత ఫోమ్ అంటించినా, మన వెనక ఉత్త గోడ ఉంటే మోత అటునుంచి వచ్చి మైకులో పడుతుంది. అందుకని బట్టలారేసే స్టాండు తెచ్చి కుర్చీ వెనక నిలబెట్టి, దానిమీద రెండు మడతలుగా బొంత కప్పాం. బొంతకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ వదిలాం. గోడకు అతికించిన బొంతకన్నా కాస్త ఎడంగా వేలాడే బొంత శబ్దాన్ని బాగా పీలుస్తుంది. కాళ్ల కింద ఇంకో దుప్పటి పరిచాం. ఇంతవరకూ పైసా ఖర్చు లేదు.

ఆన్‌లైన్లో అమ్మే అంగుళం మందం ఫోమ్ పలకల గురించీ, గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించడం గురించీ పిన్ని అడిగింది. అట్టలు దాదాపు దండగ. పల్చటి ఫోమ్ సన్నటి శబ్దాలను, అంటే 'స'లోని ఈల లాంటి వాటిని మాత్రమే తగ్గిస్తుంది. గొంతులోని బరువు జోలికి అది పోలేదు. 100 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు మూడు మీటర్లకు పైనే, దానికి అంగుళం ఫోమ్ ఒక లెక్కా? పైన మెరుపు పోయి కింద మోత మిగిలి, గొంతు ముసుగేసినట్టు తయారవుతుంది. దూది పరుపు, బొంత, బట్టల గుట్ట మందంగానూ బరువుగానూ ఉంటాయి కాబట్టి ఆ పనిని చాలా నయంగా చేస్తాయి.

అయితే బొంత గదిలో పుట్టిన మోతను పీలుస్తుందే గాని, బయటి ఆటో హారన్‌ను ఆపదు. అవి రెండూ వేరు వేరు పనులు. బయటి చప్పుడు ఆగాలంటే బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి. అద్దె ఫ్లాటులో చేయగలిగింది కిటికీ బిగించి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కడం వరకే. మిగతాదంతా వేళ చూసుకోవడంలో ఉంది.

తెల్లవారుజామున చదవాలని పిన్ని పట్టుదల. కానీ ఆ వేళ ఎక్కడో ఒక గుడి మైకు మొదలవుతుంది, చీపుళ్లు, పాల బండ్లు, పైన ట్యాంకు నింపే మోటారు. నిద్ర లేచిన గొంతు బరువుగానూ ఉంటుంది, గంట గడిస్తే మారిపోతుంది. ఆ వీధిలో మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా పిల్లలు బడిలో, కుక్కర్లు చల్లగా, జనం కునుకులో ఉంటారని రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని తేల్చుకున్నాం. నెల సంగతి కూడా ఉంది. కార్తీకంలో కూర్చుని కార్తీక పురాణం రికార్డు చేద్దామంటే ఆలస్యమైనట్టే. ఆ నెలలో సాయంత్రాలు అయ్యప్ప భజనలు, దానికి ముందు దీపావళి టపాకాయలు, ఇంకాస్త ముందు ఇంద్రకీలాద్రి మీద దసరా సందడి. దసరా వెళ్లి దీపావళి రాకముందు దొరికే ఆ రెండు వారాల్లోనే సగానికి పైగా అధ్యాయాలు చదివి దాచుకోవాలని అనుకున్నాం.

ఇక ఇంట్లో పుట్టే చప్పుళ్లు. చెవికి అలవాటైపోయి మనకు వినపడవు, మైకుకు వినపడతాయి. గదిలో ఎవరూ కదలకుండా అర నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లలో వాల్యూమ్ పెంచి వినండి. పిన్ని గదిలో మూడు దొరికాయి. గోడ గడియారం టిక్కులు, పక్కింటి గోడకు ఆనుకున్న ఇన్వర్టర్ గుయ్యిమనడం, వంటింట్లోని ఫ్రిజ్. గడియారం బ్యాటరీ తీసేశాం. ఇన్వర్టర్‌కు దూరంగా కుర్చీ రెండడుగులు జరిపాం. ఫ్రిజ్‌ను చదివేంతసేపు ఆపాలి, కానీ ఆపినవాళ్లు తిరిగి వేయడం మరిచిపోతారు, పాలు విరుగుతాయి. దానికి సినిమా సౌండువాళ్ల చిట్కా ఒకటుంది. ఫ్రిజ్ ఆపేటప్పుడు ఇంటి తాళంచెవులు దాంట్లో పెట్టేయండి. బయటికి వెళ్లాలంటే ఫ్రిజ్ తెరవక తప్పదు.

సీలింగ్ ఫ్యాను ఆపి తీరాలి. దాని చప్పుడు ఒక ఎత్తు, మైకు మీదికి కొట్టే గాలి ఇంకో ఎత్తు. గంజి పెట్టిన నేతచీర కదిలితే చిటపటమంటుంది కాబట్టి ఉతికి మెత్తబడిన పాత చీర మేలు. పిన్ని గాజులు తీయనంది. తీయక్కర్లేదు, పైకి నెట్టి రుమాలు చుట్టింది.

ఇప్పుడు మైకు. బజారులో మూడు వేల లోపు కనిపించేవి ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది స్టాండు, పాప్ ఫిల్టరు, స్పాంజి అన్నీ కలిపి స్టూడియో కిట్ పేరుతో అమ్మే పెద్ద కండెన్సర్ మైకు. ఫొటోలో ఆకాశవాణి స్టూడియోలా ఉంటుంది. వీటిలో చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, దానికి ఇంకో పెట్టె కొనాలి. అది లేకుండా ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో నేరుగా గుచ్చితే సన్నటి గొంతూ, దాన్ని మించిన 'స్‌స్‌' చప్పుడూ వస్తాయి. రెండోది గుడుల్లో, సభల్లో చేత్తో పట్టుకునే డైనమిక్ మైకు, అహూజావాళ్లవి మన ఊళ్లలో ఎక్కువ. గట్టిది, కిందపడినా పనిచేస్తుంది, కానీ దాని నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దానికీ ఇంటర్‌ఫేస్ అనే పెట్టె కావాలి, బడ్జెట్ దాటిపోతుంది. కండెన్సర్ అయితే గది మోత ఎక్కువ పడుతుంది, డైనమిక్ అయితే పడదు అని యూట్యూబులో చెప్పేదాన్ని పూర్తిగా నమ్మకండి. ఒకే దిశలో వినే రెండు మైకులను నోటికి ఒకే దూరంలో పెట్టి, గొంతు స్థాయి సమానం చేస్తే, రెండింటిలోనూ గది దాదాపు అంతే ఉంటుంది. డైనమిక్‌ను పెదాలకు ఆనించి మాట్లాడతాం కాబట్టి తేడా అనిపిస్తుంది, అంతే.

మూడోది ఐదారు వందలకు దొరికే తీగలేని చిన్న క్లిప్పు మైకు. రీల్స్ చేసేవాళ్లకు హాయి, పురాణం చదివేవాళ్లకు ఇబ్బంది. ఈ చౌక రకాల్లో చాలావాటిలో చప్పుడు తగ్గించే చిప్పు ఉంటుంది. గొంతు ఒక స్థాయికన్నా తగ్గితే అది చప్పుడే అనుకుని నొక్కేస్తుంది. కథ చదివేటప్పుడు వాక్యం చివర గొంతు దించుతాం కదా, సరిగ్గా అక్కడి అక్షరాలు మింగుడుపడతాయి. 'చెప్పెను' అన్నది 'చెప్పె' దగ్గర ఆగిపోతుంది.

నాలుగోది తీగ ఉన్న కాలరు మైకు. పిన్నికి కొన్నది ఇదే. వెయ్యి లోపు వచ్చింది. బోయా బీవై-ఎం1 ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు, తీగే ఆరు మీటర్లు ఉంటుంది. దాని మధ్యలో ఒక డబ్బీ, డబ్బీ మీద చిన్న మీట. ఫోనుకు పెట్టినప్పుడు మీట Off/Smartphone వైపు ఉండాలి. ఇది తెలియక మైకు పాడైందని వాపసు పంపేవాళ్లు ఉన్నారు. ఫోనుకు ఇయర్‌ఫోను రంధ్రం లేకపోతే టైప్-సి అడాప్టర్ కొనాలి, అది మైకును కూడా అందుకునే రకమేనా అని అడిగి మరీ తీసుకోండి. కొన్ని చౌకవి పాటలు వినడానికే పనికొస్తాయి. కంప్యూటర్ మీదే రికార్డు చేసేవాళ్లు ఇంకొంచెం పెట్టి నేరుగా యూఎస్‌బీలో గుచ్చే మైకు తీసుకోవచ్చు, దానికి ఏ పెట్టే అక్కర్లేదు.

కాలరు మైకును కాలరుకే పెట్టాలన్న నియమం లేదు. వీడియోలో కనపడకూడదని టీవీవాళ్లు అక్కడ పెడతారు. మనది గొంతు ఒక్కటే. పిన్ని పైటకు పెడితే తల దించినప్పుడల్లా గడ్డం నీడ పడి గొంతు మారిపోయింది. దాంతో ఒక పాత టేబుల్ లైటు మెడకు దాన్ని క్లిప్పు చేసి, నోటికి జానెడుకన్నా కాస్త తక్కువ దూరంలో, పెదాల మూలకు తిన్నగా నిలబెట్టాం.

ఈ దూరమే మొత్తం వ్యవహారానికి తాళంచెవి. మైకు నోటికి సగం దగ్గరికి వస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోతా బయటి చప్పుడూ మాత్రం ఉన్నచోటే ఉంటాయి. బల్లమీద 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన ఫోనుకు బదులు 15 సెంటీమీటర్ల దగ్గర మైకు ఉంటే 12 డెసిబెల్స్ లాభం. అంటే రికార్డింగ్ స్థాయిని అంత తగ్గించుకోవచ్చు, దాంతో పాటే ఫ్రిజ్, ఆటో, ఇన్వర్టర్ అన్నీ అంత వెనక్కి పోతాయి. ఖరీదైన మైకు దూరంగా పెట్టి రికార్డు చేసినదానికన్నా, చౌక మైకు దగ్గరగా పెట్టి చేసిందే శుభ్రంగా ఉంటుంది.

మరీ దగ్గరికి, బెత్తెడులోపు వస్తే వేరే తంటా. భక్తి రచనల నిండా ప, ఫ, బ, భలే. 'ఫలశ్రుతి', 'ప్రభువు', 'భగవంతుడు' అన్నప్పుడల్లా నోటి ముందు అరచెయ్యి పెట్టి చూడండి, గాలి ఎలా కొడుతుందో తెలుస్తుంది. ఆ గాలి మైకు పొరను తాకితే 'ధబ్' అని మోగుతుంది. ఆ గాలి నోటికి ఎదురుగా తిన్నగా వెళుతుంది, శబ్దం అన్ని వైపులా పోతుంది. అందుకే మైకును పెదాల మూల పక్కన పెట్టడం. గాలి పక్కనుంచి వెళ్లిపోతుంది, గొంతు మైకులో పడుతుంది. ఒత్తులు తగ్గించి చదవాల్సిన అవసరం ఉండదు, అది పిన్నిలాంటి వాళ్లు ఒప్పుకోరు కూడా. కాలరు మైకు అన్నివైపులా వినే రకం కాబట్టి కాస్త పక్కకు ఉన్నా గొంతు మారదు, దగ్గరికి వస్తే బరువు పెరిగిపోయే గుణమూ దానికి లేదు. పెద్ద మైకులకు ఆ గుణం ఉంది. వాటికి గుడ్డ పాప్ ఫిల్టరు తప్పదు.

పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే తల వంగుతుంది, పేజీ తిప్పితే చప్పుడు. వ్యాసపీఠం మీద, కళ్లకు దాదాపు ఎదురుగా పుస్తకం పెట్టి, దాని కింద బల్లమీద మడిచిన తువ్వాలు వేశాం, బల్ల చెక్క నుంచి శబ్దం ఎగిరి మైకులో పడకుండా. పేజీ తిప్పేటప్పుడు చదవడం ఆపి, తిప్పి, ఒక ఊపిరి తీసుకుని ముందు వాక్యం మొదటినుంచి మళ్లీ చదవాలి. కత్తిరించడం తేలిక.

ఫోనులో రికార్డు చేసేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది మైకు తప్పుగా అనుకుంటారు. మామూలు రికార్డర్ యాప్‌లు చాలావరకు స్థాయిని తమంతట తామే సర్దుతాయి. మాట్లాడుతుంటే తగ్గిస్తాయి, ఆగితే పెంచుతాయి. గబగబా మాట్లాడే వీడియోలో ఇది తెలియదు. పురాణంలో వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగుతాం. ఆగిన ప్రతిసారీ గది చప్పుడు పొంగి పైకి లేస్తుంది, మాట మొదలవగానే టక్కున అణిగిపోతుంది. అలా పొంగుతూ తగ్గుతూ ఉంటే కారణం ఇదే. స్థాయిని మనమే పెట్టుకోనిచ్చే యాప్ వాడాలి. అందులో Auto gain లాంటి మీట ఉంటే ఆపాలి, WAV రూపంలో 48000 Hz దగ్గర రికార్డు చేయాలి. అన్నిటికన్నా గట్టిగా పలికే వాక్యం చదివి, మీటరు ముల్లు -6 దాటకుండా చూసుకుంటే చాలు. సున్నా తగిలితే గొంతు చీలుతుంది, దాన్ని మళ్లీ అతకలేం. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

నిశ్శబ్దం ఎంత ఉంటే చాలు? ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ సంస్థ పెట్టుకున్న హద్దు -60 డెసిబెల్స్, అంటే గొంతును మామూలు స్థాయికి తెచ్చాక ఆగిన చోట గది చప్పుడు అంతకన్నా కింద ఉండాలి. పిన్ని ఇంట్లో ఆటోలు లేని నిమిషంలో -55 దాకా వచ్చింది. ఇంటికి అది మంచి అంకె. మిగిలిన కాస్తా ఉచితంగా దొరికే ఆడాసిటీలో తగ్గించుకోవచ్చు. ప్రతి రికార్డు మొదట్లోనూ పది సెకన్లు మౌనంగా కూర్చోవాలి. ఆ పది సెకన్లు ఎంచుకుని Noise Reduction లో Get Noise Profile నొక్కి, తర్వాత మొత్తం ఎంచుకుని 6 నుంచి 9 డెసిబెల్స్ వరకే తగ్గించాలి. 20 పెడితే చప్పుడు పూర్తిగా పోతుంది గాని, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గులగులలాడుతుంది. తంబూరా శ్రుతి కలుపుతాం కదా, అది కప్పేస్తుందిలే అనుకోవడమూ సరికాదు. సన్నటి గుయ్యి శబ్దాన్ని శ్రుతి కప్పుతుంది, హారన్‌నూ గది మోతనూ కప్పదు.

ఆ పది సెకన్ల మౌనానికి ఇంకో ఉపయోగం ఉంది. చదువుతుండగా కింద కుక్క అరిచిందనుకోండి, ఆ చోట కత్తిరించి ఉత్త ఖాళీ వదిలితే వినేవాళ్లకు రికార్డు ఆగిపోయినట్టు తోస్తుంది. అక్కడ ఆ రోజు గది మౌనం ముక్క అతికిస్తే అతుకు తెలియదు.

30 అధ్యాయాలు వేరు వేరు రోజుల్లో చదివినా వినేవాళ్లకు ఒకే కూర్పుగా ఉండాలి. మొదటి వారం తర్వాత విని చూస్తే, మూడో అధ్యాయం దగ్గరగా, నాలుగోది దూరంగా వినిపించాయి. మైకు అదే, గది అదే, కుర్చీ జరిగింది. దాంతో కుర్చీ కాళ్ల దగ్గర నేలమీద సుద్దతో గీతలు గీశాం, టేబుల్ లైటు మెడ ఏ వంపులో ఉండాలో చూపడానికి రంగు దారం కట్టాం. చదివే ముందు పిన్ని బొటనవేలు పెదాల మూలకు ఆనించి, చిటికెన వేలు చాచి మైకు దూరం కొలుచుకుంటుంది. వేలి చివరకు కాస్త ఇవతల మైకు ఉండాలి. రోజూ మొదట ఒకే వాక్యం చదివి, ముందురోజు రికార్డులోని అదే వాక్యంతో పక్కపక్కన విని, తేడా ఉంటే అప్పుడే సర్దుకుంటుంది.

మూడు వేలలో మైకుకూ, అడాప్టర్‌కూ, కాస్త మంచి తీగ ఇయర్‌ఫోన్లకూ పోగా సగానికి పైగా మిగిలింది. ఆ డబ్బుతో కిటికీ రెక్కల అంచులకు రబ్బరు పట్టీ వేయించమన్నాను. నాలుగు గంటల తర్వాత వచ్చే స్కూలు బస్సు హారన్ దానితో పూర్తిగా పోలేదు గాని, పదునుపోయింది.